కొసపాడు గజకేసరులు

పంటకాలువ చిట్టచివర ఉన్న కొసపాడులో విశ్వపతి శాస్త్రి అనే జ్యోతిష్కుడు ఉండేవాడు. చదువుకు లోటు లేదు గానీ, జాతకంలో ఒక యోగం పేరు కనపడితే చాలు, మిగతాది చూడకుండా ఫలం చెప్పేసేవాడు.

చంద్రుడున్న రాశి నుంచి లెక్కపెడితే గురువు ఒకటి, నాలుగు, ఏడు, పది స్థానాల్లో ఎక్కడున్నా అది గజకేసరి యోగం. ఆ స్థానాలనే కేంద్రాలంటారు. అది కనపడగానే శాస్త్రి ముఖం చేటంత అయ్యేది. "గజకేసరి! ఏనుగుల గుంపు మీదికి దూకిన సింహానివి. పేరు, తెలివి, సభలో మాట చెల్లుబాటు, పెద్దల ఆదరణ, అన్నీ నీవే. ఇక వెళ్ళిరా!" అనేవాడు. అదే గురువు నుంచి చంద్రుడు ఆరు, ఎనిమిది, పన్నెండు స్థానాల్లో పడితే శకట యోగం. శకటం అంటే బండి. "బండిచక్రం బతుకు నీది. పైకి లేస్తుంది, కిందికి దిగుతుంది. దేనికీ ముందు నిలబడకు" అనేవాడు. చంద్రుడికి ముందు రాశిలోనూ వెనక రాశిలోనూ సూర్యుడు, రాహుకేతువులు కాక వేరే గ్రహం లేకపోతే కేమద్రుమం. దానికొక నిట్టూర్పు సిద్ధంగా ఉండేది. ఇలా ఒక్కో పేరుకు ఒక్కో మాట తయారుగా పెట్టుకుని, క్షణంలో జాతకం ముగించి పంచాంగం మూసేసేవాడు. జనానికీ అదే బాగుండేది. చేతిలో లడ్డూ పెడితే అందులో నెయ్యెంత అని అడిగేదెవరు?

ఆయన భార్య త్రిపురమ్మ మాత్రం అప్పుడప్పుడు అడిగేది. "అన్నం ఉడికిందో లేదో తెలియాలంటే ఒక మెతుకు పట్టి చూస్తాం. మీరు మూత చూసి చెప్పేస్తున్నారే!"

"నీకు తెలియదులే," అనేవాడు శాస్త్రి.

ఆ ఏడు కొసపాడు నీటిసంఘం పెద్ద మోకాళ్ళ నొప్పులతో తప్పుకున్నాడు. చివరి ఊరికి నీటిసంఘం పెద్ద అంటే మాటలు కాదు. కాలువలో నీళ్ళు వదిలేలోగా నీటికి అడ్డం పడే గుర్రపుడెక్క కలుపు తీయించాలి. ఎగువ ఊళ్ళవాళ్ళను నీళ్ళ వంతుకు ఒప్పించుకోవాలి. నీళ్ళు సమయానికి రాకపోతే ఆకుమడిలో పోసిన వరినారు ఎండిపోతుంది. నారు పోతే సార్వా పంట పోయినట్టే. ఊరివాళ్ళందరి నారుతో పాటు శాస్త్రి రెండెకరాల చేనుకు పోసిన నారు కూడా ఆ కాలువనే నమ్ముకుని ఉంది.

పెద్దరికం ఖాళీ అయిందనగానే ఒక్కొక్కరే శాస్త్రి అరుగెక్కారు. మొదట బియ్యం మిల్లు భీమశంకరం వచ్చాడు. గొంతు పెద్దది, మీసం ఇంకా పెద్దది. శాస్త్రి జాతకం విప్పాడు. చంద్రుడు మేషంలో ఉన్నాడు, అక్కడి నుంచి పదో రాశి మకరంలో గురువు ఉన్నాడు. "గజకేసరి! పెద్దరికం నీదేనయ్యా" అన్నాడు. తరువాత ఎరువుల కొట్టు ముత్యాలరావు వచ్చాడు. చంద్రుడూ గురువూ ఒకే రాశిలో ఉన్నారు. "గజకేసరి! ఇంకెవరయ్యా నీకు పోటీ?" అన్నాడు. ఆ తరువాత, ఎవరింట్లో ఏ శుభకార్యమైనా వంటపాత్రలు ఉచితంగా పంపించే కోదండరామయ్య వచ్చాడు. కర్కాటకంలో చంద్రుడు, పక్కనే గురువు. శాస్త్రి లేచి నిలబడ్డంత పని చేశాడు. "అబ్బో! ఇలాంటి గజకేసరి నేను చూడలేదు. నీకు కాక ఇంకెవరికిస్తారు?"

ఒకరికి చెప్పిన మాట ఇంకొకరికి చెప్పినట్టు ఆయనకు గుర్తులేదు. ఆయన చూసింది మనుషులను కాదు కదా, యోగాలను.

నాలుగో మనిషి మంగతాయారు. కాలువ చివర నాలుగెకరాల రైతు. ఏటా నీళ్ళు రాకముందే ఇంటింటికీ తిరిగి, కొడవళ్ళు పట్టించి గుర్రపుడెక్క కోయించేది ఆవిడే. ఏ పదవీ లేకుండానే చేయించేది. ఈసారి ఊళ్ళో నలుగురూ ఆవిడనే పెద్దగా ఉండమన్నారు. ఆవిడ సందేహిస్తూ జాతకం తెచ్చింది. గురువు మిథునంలో ఉన్నాడు, అక్కడి నుంచి ఎనిమిదో రాశి మకరంలో చంద్రుడు ఉన్నాడు.

"శకటం తల్లీ," అన్నాడు శాస్త్రి. "నువ్వు ముందు నిలబడితే బండి బోల్తా పడుతుంది. నీతోపాటు ఊరికీ నష్టం. ఇంటి పట్టున ఉండు."

మంగతాయారు ముఖం చిన్నబోయింది. "నా వల్ల ఊరికి చెడు జరక్కూడదండీ అయ్యగారూ" అని జాతకం కొంగున కట్టుకుని వెళ్ళిపోయింది. ఆ ఏడు ఆవిడ ఎవరి గుమ్మమూ తొక్కలేదు.

ఇక కొసపాడులో గజకేసరుల రాజ్యం మొదలైంది. ముత్యాలరావు కొట్టు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పెద్దరికం తనను వెతుక్కుంటూ వస్తుందని ఆయన ధీమా. కోదండరామయ్య ఊరందరికీ పులిహోర, బొబ్బట్లు పెట్టించాడు. జనం తిని, బాగుందని చెప్పి వెళ్ళారు. భీమశంకరం ఇద్దరికన్నా హుషారు. మేళతాళాలతో కాలువ ఎగువకు వెళ్ళి, కొబ్బరికాయ కొట్టి, గుర్రపుడెక్క కోయించాడు. పని తెలిసినవాళ్ళు దిగువ నుంచి కోసుకుంటూ పైకి వెళతారు. ఎగువన కోస్తే తెగిన డెక్కంతా కిందికి కొట్టుకొస్తుంది. ఎగువన నీళ్ళు వదలగానే అలాగే కొట్టుకొచ్చి, ఊరి మొదట్లో ఉన్న తూము దగ్గర పరుపులా పేరుకుపోయింది. వెనక వచ్చే నీళ్ళకు దారి మూసుకుపోయింది. అవి తూము దాకా వచ్చి ఆగిపోయాయి. తూముకు ఇవతల కాలువ అడుగున పిచ్చుకకు చాలినన్ని నీళ్ళు కూడా లేవు.

ఆకుమళ్ళు నెర్రెలు ఇచ్చాయి. నారు చివర్లు ఎర్రబడ్డాయి. ఊళ్ళో సభ పెడితే, తూము సంగతి ఎవరూ ఎత్తలేదు. పెద్ద ఎవరన్న దగ్గరే ఆగిపోయింది.

"నాకు గజకేసరి ఉంది. శాస్త్రిగారు చెప్పారు," అన్నాడు భీమశంకరం.

"నాకూ చెప్పారు!" అన్నాడు ముత్యాలరావు.

"నాదాన్ని చూసి లేచి నిలబడబోయారు," అన్నాడు కోదండరామయ్య, కాస్త మొహమాటంగా.

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తరువాత ముగ్గురూ జాతకాలు పట్టుకుని శాస్త్రి ఇంటి దారి పట్టారు. వెనక ఊరూ కదిలింది.

అప్పటికి శాస్త్రి పొలం నుంచి వచ్చి అరుగు మీద కూలబడి ఉన్నాడు. చేతిలో ఎండిన నారు పరక ఉంది. త్రిపురమ్మ మంచినీళ్ళు ఇస్తూ అంది. "ఏవండీ, మీ జాతకంలో కూడా గజకేసరి ఉందన్నారుగా?"

"ఉంది."

"మరి మన నారెందుకు ఎండిపోతోంది?"

శాస్త్రి జవాబు చెప్పేలోగా వీధంతా జనం నిండిపోయారు.

"శాస్త్రిగారూ! పెద్దరికం ఒక్కటే. గజకేసరులం ముగ్గురం. ఎవరిది నిజమో తేల్చండి," అన్నాడు భీమశంకరం. ఆ గొంతుకు కప్పు మీద కాకి లేచిపోయింది.

శాస్త్రి ముగ్గురి వంకా చూశాడు. ఏదో ఒక తియ్యని మాట చెప్పి పంపేయొచ్చు. 'ముగ్గురూ వంతులవారీగా ఏలుకోండి' అంటే సరిపోతుంది. తన పేరు దక్కుతుంది. కానీ చేతిలో నారు పరక గరగరమంటోంది. భార్య గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఈ పరక ఎండడానికి కారణం ఆకాశంలో గ్రహాలు కాదు, తన నాలుక అని ఆయనకు ఒక్కసారిగా తెలిసింది. తెలిశాక సిగ్గేసింది. ఆ సిగ్గులోంచే ధైర్యం వచ్చింది.

"కూర్చోండి," అన్నాడు. "ఈసారి మూత తీసి చూస్తాను."

ముందుగా ఊరందరికీ వినపడేలా చెప్పాడు. "చంద్రుడు రాశికి రెండుంబావు రోజులుంటాడు. నెల తిరక్కుండానే పన్నెండు రాశులూ చుట్టేస్తాడు. గురువు నింపాదిగా ఏడాదికొక రాశి నడుస్తాడు. చంద్రుడి నుంచి కేంద్రాలు నాలుగు. పన్నెండింట్లో నాలుగంటే ఎంత? మూడోవంతు. అంటే ఊళ్ళో ప్రతి ముగ్గురిలో ఒకరికి గజకేసరి ఉంటుంది. మీ ముగ్గురికే కాదు, నాకూ ఉంది. ఆ మూలన కొబ్బరికాయలు దించే అప్పన్నకూ ఉండొచ్చు. మూడోవంతు ఊరు సింహాలైతే మిగతావాళ్ళు బతికేదెలా?"

జనం గొల్లున నవ్వారు. మూల నుంచి అప్పన్న, "నాకెందుకండీ బాబూ!" అన్నాడు.

"కాబట్టి యోగం ఉందా అని అడిగితే చాలదు. ఎంత బలంతో ఉంది, ఎప్పుడు ఫలిస్తుంది అని అడగాలి. నేను అది చూడలేదు. ఇప్పుడు చూస్తున్నాను." శాస్త్రి ముగ్గురి జాతకాలూ ముందు పెట్టుకుని మొదటిది విప్పాడు. "భీమశంకరం, నీ గురువు మకరంలో ఉన్నాడు. గురువుకు అది నీచరాశి. అక్కడ ఆయనకు సత్తువ ఉండదు. నీచను పోగొట్టే గ్రహం ఏదైనా మంచి చోట ఉందేమోనని వెతికాను. నీకు లేదు. నీది పేరుకు గజకేసరి. చప్పుడు సింహానిదే, పట్టు మాత్రం లేదు."

భీమశంకరం మీసం మీది చెయ్యి తీసేశాడు.

"ముత్యాలరావు, నీకు చంద్రుడూ గురువూ కలిసే ఉన్నారు. కానీ వాళ్ళిద్దరి మధ్యనే సూర్యుడు కూర్చున్నాడు. నువ్వు అమావాస్యనాడు పుట్టావు. ఆనాటి చంద్రుడికి వెలుగు లేదు. సూర్యుడికి అంత దగ్గరగా ఉన్న గురువు మూఢంలో ఉన్నట్టు. గురుమూఢంలో మనం పెళ్ళిళ్ళే చేయం. అలాంటిది ఆ ఇద్దరినీ నమ్ముకుని కుర్చీ వేసుకుని కూర్చుంటావా?"

ముత్యాలరావు తల గోక్కున్నాడు.

మూడో జాతకం శాస్త్రి రెండుసార్లు చదివాడు. "కోదండం, నీది నిజమైన గజకేసరి. చంద్రుడు సొంత ఇంట్లో ఉన్నాడు. గురువు ఉచ్చలో, అంటే నిండు బలంతో ఉన్నాడు. కానీ నువ్వు పుట్టిన వేళ తూర్పున ఉదయిస్తున్నది సింహరాశి, అంటే నీది సింహలగ్నం. ఆ ఇద్దరూ ఉన్నది లగ్నానికి పన్నెండో ఇల్లు. అది ఇచ్చే ఇల్లు, పుచ్చుకునే ఇల్లు కాదు. పైగా యోగమెంత గొప్పదైనా, దాన్ని కట్టిన గ్రహాల దశల్లోనే నిండుగా పండుతుంది. నువ్వు పుష్యమిలో పుట్టావు, నీ లెక్క శనిదశతో మొదలైంది. ఇప్పుడు శుక్రదశ నడుస్తోంది. చంద్రదశ రావడానికి నీకు అరవయ్యేళ్ళు రావాలి. గురుదశ సంగతి సరేసరి. మధ్యలో వచ్చే చిన్న చిన్న అంతర్దశల్లో కాస్త రుచి తగులుతుంది, అంతే."

కోదండరామయ్య నవ్వాడు. "పోనీలెండి శాస్త్రిగారూ. పెట్టేవాణ్ణి అన్నారు, చాలు. పెద్దరికం లేకపోయినా పెట్టొచ్చుగా."

ఆ మాటకు శాస్త్రి మనసు తేలికపడింది. ఒక మనిషి జాతకం సరిగ్గా చదివితే అతణ్ణి చిన్నబుచ్చినట్టు కాదని ఆయనకు అప్పుడే అర్థమైంది. ఇంకొక్క జాతకం మిగిలింది. అది తన దగ్గర లేదు. ఆయన ఉత్తరీయం భుజాన వేసుకుని, ఎండలోనే మంగతాయారు ఇంటికి నడిచాడు. జనమంతా వెంట నడిచారు.

మంగతాయారు పెరట్లో గొడ్లకు మేత వేస్తోంది. ఇంతమందిని చూసి కంగారుపడింది.

"అమ్మా, ఒకసారి నీ జాతకం ఇలా ఇవ్వు. ఆనాడు సగమే చదివాను," అన్నాడు శాస్త్రి.

"సగం చదివితేనే మంచం పట్టినంత పనైందండీ. మిగతా సగం కూడా చదువుతారా?" అంది మంగతాయారు. జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆవిడ మాత్రం నవ్వలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నా నారు కూడా ఎండుతోందండీ. కొడవలి తీసుకుని ఎన్నిసార్లు గుమ్మం దాకా వచ్చానో! మీ మాట గుర్తొచ్చి వెనక్కి తిరిగాను. నా చెయ్యి పడితే ఊరి బండి బోల్తా పడుతుందేమోనని."

శాస్త్రి తల దించుకున్నాడు. జాతకం తీసుకుని, అక్కడే గుమ్మం మీద కూర్చుని, మెల్లగా చదివాడు.

"గురువు నుంచి ఎనిమిదింట చంద్రుడు. శకటమే. అంత వరకూ నేను చెప్పింది నిజం. కానీ శాస్త్రం ఆ వాక్యం దగ్గర ఆగలేదు, నేను ఆగాను. నీది తులాలగ్నం. చంద్రుడున్న మకరం దానికి నాలుగో ఇల్లు, అంటే కేంద్రం. లగ్నానికి కేంద్రంలో చంద్రుడుంటే శకటం భంగమవుతుంది. అంటే దాని చెడు ఫలం చెల్లదు. ఆ చంద్రుడి పక్కనే కుజుడు ఉచ్చలో ఉన్నాడు. చంద్రుడూ కుజుడూ కలిస్తే పట్టుదల, పనిలోకి దూకే గుణం. నీ బండి బోల్తా పడేది కాదమ్మా. ఎగుడుదిగుళ్ళ మీద కూడా లాక్కుపోయేది."

మంగతాయారు కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "అయితే నేను వెళితే పని అవుతుందంటారా?"

ఊరంతా శాస్త్రి నోటి వంక చూసింది. వెనకటి శాస్త్రి అయితే 'అవుతుంది, ఫో!' అని ఉండేవాడు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా.

"అది నాకు తెలియదు తల్లీ," అన్నాడు శాస్త్రి. "నిన్ను ఆపాల్సినదేదీ జాతకంలో లేదు. నేను చెప్పగలిగింది అంతవరకే. ఏ యోగమూ కాలువలోకి దిగి డెక్క కోయదు. గజకేసరి కోయలేదు, ఊరు చూసింది. నీ చంద్రుడూ కోయడు. కోసేది నువ్వూ మేమూనూ."

మంగతాయారు కొంగు నడుముకు దోపుకుంది. తరువాత చూరులో దోపిన కొడవలి లాగింది.

"అయితే ఇంకా నిలబడతారేంటండీ?" అంది. "గెడలున్నవాళ్ళు గెడలు, తాళ్ళున్నవాళ్ళు తాళ్ళు! తూము కింద నుంచి మొదలుపెట్టాలి. పైన ఎవరైనా చెయ్యి పెట్టారో, ఊరుకోను! భీమశంకరంగారూ, మీ గొంతు నాకు కావాలి. తాడు లాగేటప్పుడు అందరిచేతా ఒకేసారి 'హైలెస్సా' అనిపించాలి. ముత్యాలరావుగారూ, ఆ కుర్చీ లోపల పెట్టి రండి."

ఆవిడ ముందు నడిచింది. ఊరు వెనక నడిచింది. తూము కింద నడుంలోతు బురదలో దిగి, కొడవళ్ళతో డెక్క పరుపును ముక్కలు ముక్కలుగా కోశారు. తాళ్ళు కట్టి రెండు గట్లకూ లాగారు. భీమశంకరం గొంతుకు అవతలి ఊరి నుంచి కూడా మనుషులు వచ్చి చేయి వేశారు. కోదండరామయ్య గట్టు మీదే పొయ్యి పెట్టించి అందరికీ అన్నం వండించాడు. శాస్త్రి కూడా పంచె ఎగ్గట్టి బురదలో దిగాడు. రెండుసార్లు జారిపడ్డాడు. గట్టు మీద నుంచి త్రిపురమ్మ, "గజకేసరిగారూ, జాగ్రత్త!" అని అరిచింది. ఊరితోపాటు ఆయనా నవ్వాడు.

పొద్దు వాలుతుండగా చివరి పరుపు విడిపోయింది. ఆగి ఉన్న నీళ్ళు ఒక్కసారిగా బురదబురదగా దూకాయి. మంగతాయారు ఆకుమడి ముందు తడిసింది. తరువాత శాస్త్రిది. సగం నారు అప్పటికే పోయింది. మిగిలిన సగం తెల్లవారేసరికి తల ఎత్తింది. లేనివాళ్ళకు ఉన్నవాళ్ళు నారు పంచారు. ఆ సార్వాలో కొసపాడులో పంట పలచగా పండింది. కానీ పండింది. నీటిసంఘం పెద్దరికం ఎవరిదని ఆ తరువాత ఎవరూ సభ పెట్టలేదు. గుర్రపుడెక్క మొలిచినప్పుడల్లా అందరూ మంగతాయారు గుమ్మం ముందుకే వెళ్ళారు.

శాస్త్రి జాతకాలు చూడడం మానలేదు. ఎందుకు మానాలి? ఆయనకు శాస్త్రం బాగా వచ్చు. అయితే ఇప్పుడు ఎవరైనా ఆశగా "గజకేసరి ఉందాండీ?" అంటే, "ఉంది. ముగ్గురిలో ఒకరికి ఉంటుంది. కూర్చో, అసలు సంగతి ఇప్పుడు చూద్దాం," అంటాడు. శకటమని ఏడ్చుకుంటూ వచ్చినవాళ్ళకు మాత్రం ముందుగా త్రిపురమ్మ చేత మజ్జిగ ఇప్పించి, లగ్నం నుంచి చంద్రుడెక్కడున్నాడో చూసి గానీ నోరు విప్పడు.

నీతి: యోగం పేరు విని పొంగిపోకూడదు, కుంగిపోకూడదు, దాని బలమెంతో, హద్దెక్కడో పూర్తిగా తెలుసుకోవాలి. ఎంత మంచి యోగమైనా మనిషి చెయ్యి కదిపితేనే పండుతుంది.